మినిమమ్ తప్పకుండా కట్టినా కార్డు బాకీ ఎందుకు పెరుగుతది?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. పోయిన జూన్ 10న నాన్న ఆపరేషన్‌కు క్రెడిట్ కార్డు మీద 60,000 గీకిన. స్టేట్‌మెంట్ ప్రతి నెల 5న వస్తది, కట్టాల్సిన ఆఖరి తేదీ 25. మినిమమ్ ఎంత చూపిస్తే అంత 25 నాడే కడుతున్న, ఒక్కసారి గూడ లేట్ కాలేదు. పెట్రోల్‌కు, కిరాణానికి నెలకు ఓ మూడు వేలు కార్డు మీదనే పోతయి, అంతకు మించి ఏం కొనలేదు. జనవరి 5 స్టేట్‌మెంట్‌ల బాకీ 73,418 అని వచ్చింది. మిత్తి నెలకు 3.75 శాతం అని వెనక రాసి ఉంది. ఇన్ని నెలలు కట్టినంక తగ్గాలె గదా, బ్యాంకోళ్లు తప్పు లెక్క వేస్తున్నరా?

సమాధానం:

తమ్ముడూ, మీరు చెప్పిన తేదీలతో నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. బ్యాంకు లెక్కలో తప్పు లేదు, 73,418 సరిగ్గానే వస్తోంది. హనుమకొండలోనే ఒక బ్యాంకులో కార్డుల సెక్షన్ చూసి రిటైర్ అయినవాణ్ని. మీలాగే ఒక్క రోజు ఆలస్యం చేయకుండా కట్టి, బాకీ పెరిగిందని కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు స్టేట్‌మెంట్ ముందు పెట్టి ఎలా చెప్పేవాణ్నో మీకూ అలాగే చెబుతాను. కొంచెం ఓపికగా చదవండి.

ముందు ఆ 3.75 శాతం సంగతి. అది నెలకు. అంటే నూటికి నెలకు మూడు రూపాయల డెబ్భై ఐదు పైసల మిత్తి. కార్డు మీద వేసే మిత్తికి 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. మామూలు పర్సనల్ లోన్ మిత్తికి, బంగారం మీద తీసుకున్న అప్పు మిత్తికి జీఎస్టీ లేదు, క్రెడిట్ కార్డు మిత్తికి మాత్రం ఉంది. రెండూ కలిపితే నూటికి నెలకు దాదాపు నాలుగు రూపాయల నలభై రెండు పైసలు, ఏడాదికి 53 రూపాయలు. ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తి అంటేనే రైతు రెండుసార్లు ఆలోచిస్తాడు. మీ చేతిలో ఉన్న కార్డు మిత్తి దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఇంత మిత్తికి చట్టం ఒప్పుకుంటుందా అని చాలామంది అడుగుతారు. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టేసింది. కాబట్టి ఆ దారిలో ఇప్పుడు ఊరట లేదు.

ఇక మీ లెక్కకు వస్తాను. జూన్ 10న 60,000 గీకారు. జులై 5న మొదటి స్టేట్‌మెంట్ వచ్చింది, బాకీ 60,000. మిత్తి ఏమీ వేయలేదు. మీ లెక్క సరిపోవాలంటే మీ కార్డులో మినిమమ్ ఇలా లెక్కకట్టి ఉండాలి: ఆ నెల మిత్తి, ఫీజులు, జీఎస్టీ మొత్తం, దానికి తోడు అసలులో 2 శాతం. బ్యాంకును బట్టి ఈ సూత్రం మారుతుంది, అసలులో 5 శాతం అడిగేవాళ్లూ ఉన్నారు. జులైలో మిత్తి లేదు కాబట్టి మినిమమ్ 1,200 మాత్రమే చూపించి ఉంటుంది. 60,000 బాకీకి 1,200 కడితే చాలు అన్నట్టు కనిపిస్తుంది. మీరు జులై 25న అంతే కట్టారు.

అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. జూన్ 10 నుంచి జులై 25 వరకు 45 రోజులు మిత్తి లేకుండా వాడుకునే వెసులుబాటు కార్డు ఇస్తుంది. కానీ దానికి ఒక షరతు ఉంది. స్టేట్‌మెంట్‌లో చూపించిన బాకీ మొత్తం ఆఖరి తేదీలోపు పూర్తిగా కట్టాలి. కట్టకపోతే ఆ వెసులుబాటు వెనక్కి పోతుంది. మిత్తి జులై 25 నుంచి మొదలవదు, జూన్ 10 నుంచి, అంటే మీరు గీకిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. మీరు కట్టిన 1,200కు తప్ప మిగతా దానికే మిత్తి పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఆ 45 రోజులకు మొత్తం 60,000 మీద మిత్తి పడుతుంది.

లెక్క ఇది. నెలకు 3.75 అంటే ఏడాదికి 45 శాతం. 60,000 మీద రోజుకు దాదాపు 74 రూపాయలు. 45 రోజులకు 3,329. మీరు 1,200 కట్టాక 58,800 మిగిలింది. దాని మీద ఆగస్టు 5 వరకు 11 రోజులకు 797. జులై 20 ప్రాంతంలో గీకిన మూడు వేల మీద కూడా మిత్తి పడింది, అది ఎందుకో కింద చెబుతాను. అన్నీ కలిపి, జీఎస్టీ వేసి 4,939. ఆగస్టు 5 స్టేట్‌మెంట్‌లో మీ బాకీ 66,739. పెట్రోల్, కిరాణం అసలు గీకకుండా ఉన్నా 63,669 వచ్చేది. అంటే మొదటి నెలలో 1,200 కట్టినా, కొత్తగా ఏమీ కొనకపోయినా బాకీ 3,669 పెరిగేది.

ఇదే సందర్భంలో ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. జులై 25న మీరు 59,000 కట్టి, వెయ్యి రూపాయలు మాత్రమే మిగిల్చారనుకోండి. అప్పుడు కూడా గీకిన రోజు నుంచి 45 రోజులకు 60,000 మీద మిత్తి వేస్తారు. మిగిలిన వెయ్యి మీద ఆగస్టు 5 వరకు 11 రోజుల మిత్తి కూడా కలిపితే జీఎస్టీతో దాదాపు 3,944 పడుతుంది. వెయ్యి రూపాయలు వదిలిపెట్టినందుకు నాలుగు వేల మిత్తి. కాబట్టి దాదాపు అంతా కట్టగలిగే నెలలో ఆ మిగతా కాస్త కూడా ఎక్కడో ఒకచోట సర్దుకుని, పూర్తిగా కట్టేయాలి. ఆ ఒక్క వెయ్యి చేబదులు తెచ్చుకున్నా నయమే.

ఇప్పుడు ఆ మూడు వేల సంగతి. ముందు నెల బాకీలో ఒక్క రూపాయి మిగిలినా, కొత్తగా గీకే దేనికీ మిత్తి లేని రోజులు ఉండవు. ఇరవయ్యో తారీఖున పెట్రోల్ కొట్టిస్తే ఇరవయ్యో తారీఖు నుంచే మిత్తి. పాత బాకీ వేరు, ఈ నెల ఖర్చు వేరు అని మనం అనుకుంటాం కానీ కార్డు అలా విడదీయదు. మీకైతే ఆ మూడు వేల మీద నెలకు 60, 70 రూపాయల మిత్తే పడింది, అది పెద్ద మొత్తం కాదు. పెద్ద నష్టం మరోచోట జరుగుతోంది.

ఆగస్టు నుంచి మీరు కట్టిన మినిమమ్ ఎక్కడికి పోయిందో చూడండి. ఆగస్టు 25న 6,175 కట్టారు. దాంట్లో 4,939 ఆ నెల మిత్తికి, జీఎస్టీకి పోయింది. అసలులోంచి తగ్గింది 1,236. అదే నెలలో మీరు కొత్తగా 3,000 గీకారు. అసలు నుంచి 1,236 తీసి, 3,000 కలిపారు. సెప్టెంబర్ 25న 4,108 కట్టారు, అసలుకు పోయింది 1,271, మళ్లీ 3,000 చేరింది. ప్రతి నెల ఇదే. అసలులో 2 శాతం బయటికి పోతోంది, దానికి రెండింతలకు పైగా లోపలికి వస్తోంది. అలా అసలు జులైలో 60,000 ఉన్నది జనవరికి 70,274 అయింది. దాని మీద ఆ నెల మిత్తి, జీఎస్టీ 3,144. కలిపితే మీరు చెప్పిన 73,418.

ఈ ఆరు నెలల్లో మీరు కట్టింది మొత్తం 24,287. అందులో మిత్తికి, జీఎస్టీకి పోయింది 16,561. నాన్న ఆపరేషన్ బాకీలోంచి, పెట్రోల్ బాకీలోంచి కలిపి తీరింది 7,726 మాత్రమే. మీరు కొత్తగా వాడుకున్నది 18,000. ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ఇది మీకు బరువుగా అనిపించకపోవడానికి కూడా కారణం ఉంది. డిసెంబర్‌లో మీరు 4,343 కట్టారు, కానీ అదే నెలలో 3,000 ఖర్చు కార్డే భరించింది. అంటే జీతంలోంచి నికరంగా పోయింది 1,343. ఆ మాత్రం ఎవరైనా సర్దుకుంటారు. అందుకే నెలలు గడిచిపోతాయి, బాకీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. మీది దుబారా కాదు. ఆస్పత్రి బిల్లుకు కార్డు తీశారు, తర్వాత పెట్రోల్, ఉప్పుపప్పులకే వాడారు. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే, అందుకే నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు.

కార్డు పక్కన పెట్టేసి మినిమమ్ మాత్రం కడుతూ పోతే సరిపోతుందా అని మీరు అడగొచ్చు. పెరగడం ఆగుతుంది. కానీ నెలకు అసలులో 2 శాతమే తగ్గితే బాకీ సగం కావడానికే దాదాపు మూడేళ్లు పడుతుంది. పైగా బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గుతుంది, మీరు కట్టేదీ తగ్గుతుంది, మిగతా సగం ఇంకా నెమ్మదిగా కరుగుతుంది. మినిమమ్ అనేది ఖాతా చెడిపోకుండా, లేటు ఫీజు పడకుండా, సిబిల్‌లో ఆలస్యం అని నమోదు కాకుండా కాపాడే మొత్తం మాత్రమే. బాకీ తీర్చడానికి పెట్టిన వాయిదా కాదు.

రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన కార్డుల ఆదేశాల్లో దీని గురించి రాసింది. మినిమమ్ కట్టినా బాకీ దానంతటదే పెరిగే పరిస్థితి ఉండొద్దని, కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మిత్తి వేయొద్దని చెప్పింది. మినిమమ్ మాత్రమే కడితే తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందనే హెచ్చరిక స్టేట్‌మెంట్ మీద ముద్రించాలని కూడా చెప్పింది. మీ స్టేట్‌మెంట్ మీద కూడా ఆ వాక్యం ఉండాలి, వెతికి చూడండి. మీరు ఆగస్టులో ఒక్కసారిగా 6,175 కట్టాల్సి వచ్చిందే, అది ఈ పద్ధతి వల్లే. మిత్తి మొత్తం మినిమమ్‌లోకి వచ్చేసింది. కానీ కొత్తగా గీకే డబ్బును ఏ నిబంధనా ఆపలేదు, అది మన చేతిలోనే ఉంది.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది. ఈ రోజు నుంచే పెట్రోల్, కిరాణం కార్డు మీద ఆపండి. ఫోన్‌లో, పెట్రోల్ యాప్‌లో కార్డు సేవ్ చేసి ఉంటే తీసేయండి. నెలనెలా తనంతట తానే కట్ అయ్యే ఓటీటీ, ఫోన్ బిల్లు లాంటివి ఉంటే బ్యాంకు ఖాతాకు మార్చండి. ఇవి చిన్నవే కానీ ప్రతి ఒక్కటీ గీకిన రోజు నుంచి మిత్తి మోస్తుంది.

రెండోది, ఈ బాకీని ఇంకో చోటికి మార్చడం. ఏడాదికి 53 రూపాయల మిత్తి మీద ఉన్న అప్పును తక్కువ మిత్తి అప్పుతో తీర్చేయడమే తెలివైన పని. మీకు జీతం పడే ఖాతా ఉంటే ఆ బ్యాంకులోనే పర్సనల్ లోన్ అడగండి. ఉదాహరణకు 73,500 అప్పు ఏడాదికి 16 శాతం మిత్తికి, రెండేళ్లకు దొరికితే, వాయిదా నెలకు 3,600 వస్తుంది. మీరు ఇప్పుడు కడుతున్న మినిమమ్ కన్నా తక్కువ, రెండేళ్లలో పూర్తిగా తీరిపోతుంది, మొత్తం మిత్తి 13,000 లోపే. గత ఆరు నెలల్లోనే, జనవరి స్టేట్‌మెంట్‌లో పడిన 3,144తో కలిపి, మీ మీద మిత్తి, జీఎస్టీ 19,705 పడింది, పోల్చి చూడండి. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే అడగాలి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో దాని మీద తీసుకునే అప్పు ఇంకా తక్కువకు వస్తుంది. పది శాతం అనుకుంటే 73,500 మీద నెలకు మిత్తి 612 రూపాయలు, ఇప్పుడు మీకు పడుతున్నది 3,144. కానీ బంగారం విషయంలో గడువు మరిచిపోతే వేలం దాకా పోతుంది, అమ్మగారి నగ అయితే ఇంకా జాగ్రత్త. మన వరంగల్‌లో చాలా ఇళ్లలో చిట్టీలు నడుస్తుంటాయి. మీకూ ఉంటే, ఎంత తరుగుకు పాట పోతోందో చూసి, గిట్టుబాటైతే పాడుకుని ఈ బాకీ కట్టేయవచ్చు.

ఈ దారులు లేకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకునే బాకీని ఈఎంఐ కింద మార్చమని అడగండి. రేటు పర్సనల్ లోన్ కన్నా కొంచెం ఎక్కువ ఉండొచ్చు, ఆ మిత్తికి జీఎస్టీ కూడా ఉంటుంది. అయినా ఇప్పుడున్న 45 శాతం కన్నా చాలా తక్కువకే వస్తుంది. మార్చాక ప్రతి నెల ఈఎంఐ మొత్తం మినిమమ్‌లో కలిసి వస్తుంది. ఆ తర్వాత స్టేట్‌మెంట్‌లో చూపించే మొత్తం బాకీ ప్రతి నెలా పూర్తిగా కట్టాలి. లేదంటే ఒక పక్క ఈఎంఐ, ఇంకో పక్క మళ్లీ ఇదే తిరిగే మిత్తి, రెండూ మోయాల్సి వస్తుంది. అలా రెండింటి కింద నలిగినవాళ్లను నేను చూశాను.

ఒక కష్టం దాచకుండా చెబుతాను. ఏ దారి పట్టినా, ఇన్ని రోజులు కార్డు మీద పోయిన ఆ 3,000 ఇక జీతంలోంచే పోవాలి. లోన్ వాయిదా 3,600, పెట్రోల్, కిరాణం 3,000. నెలకు 6,600 అవసరం. ఇప్పుడు నికరంగా 1,343 పోతున్న చోట అది పెద్ద తేడా. అందుకే ఇంట్లో కూర్చుని ఏది తగ్గించగలరో ముందే మాట్లాడుకుని అప్పుడు లోన్‌కు వెళ్లండి. లోన్ తీసుకుని రెండు నెలల తర్వాత మళ్లీ కార్డు బయటికి తీస్తే రెండు అప్పులు అవుతాయి.

డబ్బు చేతికి వచ్చిన రోజే కార్డు బాకీ కట్టేయండి, 25 దాకా ఆగొద్దు. ఇప్పుడు మీ అసలు మీద రోజుకు మిత్తి దాదాపు 87, జీఎస్టీతో 102 రూపాయలు. పూర్తిగా కట్టేవాళ్లకు 25 వరకు ఆగితే నష్టం లేదు. కానీ బాకీ నడుస్తున్నప్పుడు ఆగిన ప్రతి రోజుకూ 102 పోతుంది. నెలలో ముందుగా కొంత చేతికి వస్తే అప్పుడు కొంత, తర్వాత కొంత అని రెండుసార్లు కట్టినా లాభమే, కట్టిన రోజు నుంచే ఆ మేరకు మిత్తి తగ్గుతుంది.

చివరిగా ఒక విషయం ముందే చెబితే తర్వాత కంగారుపడరు. మీరు 73,418 మొత్తం జనవరి 25న కట్టేశారనుకోండి. ఫిబ్రవరి 5 స్టేట్‌మెంట్ సున్నా రాదు. జనవరి 5 నుంచి 25 వరకు 20 రోజుల మిత్తి 1,733, జీఎస్టీ 312, కలిపి 2,045 వస్తుంది. అది మోసం కాదు, జనవరి స్టేట్‌మెంట్ తయారయ్యే నాటికి ఆ 20 రోజులు ఇంకా గడవలేదు. చాలామంది పూర్తిగా కట్టేశాం కదా అని ఆ స్టేట్‌మెంట్ తెరవరు, ఆ రెండు వేలు అలాగే ఉండిపోయి లేటు ఫీజు పడుతుంది. ఫిబ్రవరి స్టేట్‌మెంట్ తప్పకుండా తెరిచి, అది కూడా పూర్తిగా కట్టండి. మిత్తి లేని రోజులు మళ్లీ ఎప్పటి నుంచి మొదలవుతాయో కస్టమర్ కేర్‌ను ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని బ్యాంకులు ఒక నెల పూర్తిగా కడితే ఇస్తాయి, కొన్ని వరుసగా రెండు నెలలు చూస్తాయి. అన్నీ కట్టాక మార్చి స్టేట్‌మెంట్‌లో కూడా ఫైనాన్స్ ఛార్జ్ పేరుతో మిత్తి కనిపిస్తే, ఏ మొత్తం మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వేశారో రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు, దానికి డబ్బేమీ కట్టాల్సిన పని లేదు.